రెండు రోజులే కదా అంటే నా ఒళ్ళు మండుతుంది

నిన్న ఆదివారం పొద్దున ఏడు నలభైకి మెసేజ్ వచ్చింది. స్కూటీ ఈఎంఐ 3,850 రూపాయలు, ఖాతాలో డబ్బు లేక వెనక్కి పోయిందట. బ్యాంకు 500 వేసి, దాని మీద 18 శాతం జీఎస్టీ 90 పట్టింది. లోన్ ఇచ్చినవాళ్ళు ఇంకో 450. మొత్తం 1,040 రూపాయలు! మా ఇంటికి పది రోజుల పాలు, కూరగాయలు.

నాకు డబ్బు లేక కాదు. పొదుపు ఖాతాలో 41,000 ఉంది. కానీ ఆటో డెబిట్ మనం రాసిచ్చిన ఖాతా ఒక్కదాన్నే చూస్తుంది. నా బిల్లుల ఖాతాలో అప్పుడు ఉన్నది 212. మెసేజ్ చూడగానే ఐదు వేలు వేశాను, అప్పటికే బౌన్స్ అయిపోయింది.

మాది నల్గొండ. నా లెక్క ఇది. జీతం 32,000 జీతం ఖాతాలో పడుతుంది. ఒకటో తారీఖు రాత్రి దానంతటదే 14,500 బిల్లుల ఖాతాకి, 4,000 పొదుపుకి పోయేలా పెట్టుకున్నాను. మిగతా 13,500 ఖర్చుల ఖాతాకి నేనే పంపి, ఫోన్‌పే దానికే కలిపాను. కిరాయి, కరెంటు, పిల్లల వ్యాను, ఈఎంఐ అన్నీ బిల్లుల ఖాతాలోనే.

ఈసారి ఒకటో తారీఖు శనివారం. నేను లెక్కలు రాసే మిర్యాలగూడ మిల్లులో మా సారు జీతం వెయ్యలేదు. జీతం ఖాతా ఖాళీ, అందుకని రాత్రి ట్రాన్స్‌ఫర్ ఫెయిల్. రెండో తారీఖు ఆదివారం, ఈఎంఐ రోజు. ఇదివరకు ఆదివారం ఈ డెబిట్లు ఆగేవి. 2021 ఆగస్టు 1 నుంచి సెలవు రోజుల్లోనూ నడుస్తున్నాయి. సారుకి ఆదివారం సెలవు, ఈఎంఐకి లేదు.

మా ఆయన అంటాడు, "ఇన్ని ఖాతాలెందుకే, ఒక్కదాంట్లో ఉంచితే ఈ తిప్పలు ఉండవు కదా" అని. మూడేళ్ళ కింద ఒక్కదాంట్లోనే ఉంచాం! ఇరవయ్యో తారీఖుకి కిరాయి డబ్బు పెళ్ళిళ్ళ కట్నాలకి, బిర్యానీలకి పోయి, ఇంటి ఓనరు గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆ సిగ్గు నేను పడ్డాను, ఆయన కాదు. ఖాతాలు తప్పు కాదు. బిల్లుల ఖాతాలో ఎప్పుడూ ఒక ఈఎంఐ మీద కొంచెం ఎక్కువే, ఐదు వేలు, ముట్టకుండా ఉంచాలి. నేనూ ఉంచాను. జూన్‌లో పిల్లల పుస్తకాలకి తీసి మళ్ళీ పెట్టలేదు. ఆ తప్పు నాది.

కానీ జీతం ఆలస్యం నాది కాదు. ఈ పొద్దున అడిగితే సారు అదే మాట: "రెండు రోజులే గదమ్మా, ఏమైతది?" ఆరేళ్ళుగా ఇదే. పోయిన దసరాకి కూడా పండగ అయ్యాకే ఇచ్చాడు, పిల్లలకి బట్టలు అప్పుతో కొన్నాను. ధాన్యం లారీ రెండు రోజులు ఆలస్యమైతే ఆయన ఎంత గొడవ చేస్తాడో ఆ లెక్కలు రాసేది నేనే. లోన్ వాళ్ళని ఈఎంఐ తారీఖు ఏడుకి మార్చమంటే మధ్యలో కుదరదన్నారు.

సాయంత్రం నాలుగింటికి జీతం పడింది. పూర్తి 32,000. ఆ 1,040 మాత్రం ఎవరూ వెయ్యలేదు.