కూత మధ్యలో నాన్న కేక

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కుర్రాళ్ల కబడ్డీ అంటే సున్నం గీతను ఆనుకునే జనం కూర్చుంటారు. రైడర్‌కీ వాళ్ల నాన్నకీ మధ్య రెండు మూడు మీటర్ల దూరం ఉంటే ఎక్కువ. "ఒరే, ఎడం పక్కకెళ్లు! బోనస్ లాగు! ఏటి సూస్తన్నావ్?" అన్న కేక నేరుగా పిల్లాడి చెవిలో పడుతుంది. అవతలి జట్టు చెవిలోనూ పడుతుంది. వాళ్లదీ మన భాషే కదా. బోనస్ గీత దాటి పాయింటు తేవడానికి వస్తున్నాడని తెలిశాక కార్నర్ కుర్రాడు చీలమండ పట్టుకోవడానికి ముందే వంగి ఉంటాడు.

తండ్రి చెప్పే సలహా ఒక్కోసారి సరైనదే. అయినా అది పనికి రాకపోవడానికి కబడ్డీలోనే కారణాలున్నాయి. రైడ్‌కి 30 సెకన్లు. అంతసేపూ కూత ఆగకూడదు. ప్రత్యర్థి కోర్టులో ఆగితే రైడర్ ఔట్. నాన్న పిలిచాడని పిల్లాడు "ఆఁ" అన్నా, ఒక్క క్షణం తల తిప్పినా కూత తడబడుతుంది. పైగా ఎడమ అంటే ఎవరి ఎడమ? ప్రత్యర్థి వైపు చివరి గీత వెనక నిలబడ్డ తండ్రి ఎడమ, రైడర్‌కి కుడి.

ఒక సందర్భం చూద్దాం. సబ్ జూనియర్ మ్యాచ్, రెండో సగంలో నాలుగు నిమిషాలు మిగిలాయి. మనవాళ్లు ఒక్క పాయింటు వెనక ఉన్నారు. వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోయాయి కాబట్టి మూడోదాంట్లో పాయింటు తేకపోతే రైడర్ ఔట్. అవతల ఐదుగురే ఉన్నారు. కుడి కార్నర్ కుర్రాడు అలిసిపోయాడు, అతన్ని టచ్ చేసి వచ్చెయ్యమని మాస్టారు చెప్పి పంపారు. గీత దగ్గర నాన్న "బోనస్, బోనస్!" అని అరుస్తున్నాడు. బోనస్ లెక్కలోకి రావాలంటే అవతల కనీసం ఆరుగురుండాలి. పిల్లాడికి ఆ సంగతి తెలుసు, కానీ రాత్రికి ఇంటికెళ్లాల్సింది నాన్నతోనే. అందుకే లోపలిదాకా వెళ్తాడు, బోనస్ గీత దాటుతాడు, పాయింటు రాదు, వెనక్కి తిరిగేలోపు చైన్ మూసుకుంటుంది.

మాస్టార్లు సాధారణంగా చేసే పొరపాటు, అప్పుడే అందరి ముందు "మీరు కాస్త ఊరుకోండి" అనడం. ఆయన ఊళ్లో నలుగురిలో మాటున్న మనిషి కావచ్చు, జెర్సీలకు డబ్బిచ్చింది కూడా ఆయనే కావచ్చు. పరువుకి తగిలాక గొంతు ఇంకా పెరుగుతుంది. ఈ మాట ముందురోజు, ప్రాక్టీసు అయ్యాక, పక్కకి పిలిచి చెప్పాలి. పెంపకం ఊసెత్తకుండా ఆట మాటే ఎత్తాలి: "బాబూ, మీరు పిలిస్తే మీవోడు కూత ఆపేస్తున్నాడు. రేపు నాకో సాయం చెయ్యాలి."

సాయం అంటే లెక్క రాయడం. ఒక నోటు పుస్తకం, నాలుగు గళ్లు: రైడ్‌కి వెళ్లింది ఎవరు, అప్పుడు అవతల ఎంతమంది ఉన్నారు, ఏ పక్క ప్రయత్నించాడు, ఏం వచ్చింది. సబ్ జూనియర్‌లో సగానికి 15 నిమిషాలు కాబట్టి మ్యాచ్‌లో రెండు జట్లకీ కలిపి సుమారు 60 రైడ్లు. అవన్నీ రాసేవాడికి అరవడానికి తీరిక దొరకదు. రెండో గడి అసలైన మందు. అవతల ఎంతమందో ప్రతిసారీ లెక్కపెట్టాల్సిన మనిషి, ఐదుగురున్నప్పుడు బోనస్ అని అరవడు. ఐదు నిమిషాల విరామంలో ఆ పుస్తకం మాస్టారు నిజంగా చూడాలి, అందులోంచి ఒక్క మాటైనా పిల్లలకి చెప్పాలి. చూడకుండా పక్కన పడేస్తే రెండో సగంలో కేకలు మళ్లీ మొదలు.

అయినా అరిస్తే? టైమవుట్ తీసుకుని పిల్లాడికి ఒకే మాట చెప్పాలి: "లోపలున్నప్పుడు నా మాట కూడా వినకు." ఇది ఉత్త ధైర్యం మాట కాదు. లోపలున్న రైడర్‌కి సొంత జట్టువాళ్లు కావాలని సూచనలిస్తే అవతలివాళ్లకి పాయింటిచ్చే నిబంధన ఉంది. తండ్రి జట్టు మనిషి కాడు కాబట్టి అది ఆయనకి నేరుగా వర్తించదు. కానీ జట్టు బెంచీ పక్కనే నిలబడి అరిస్తే, అది ఎవరి గొంతో అంపైర్ ఎలా పోల్చుకుంటాడు? ఈ సంగతి ముందురోజు మాటల్లోనే చెప్పేస్తే చాలామంది తండ్రులు వాళ్లంతట వాళ్లే నాలుగడుగులు వెనక్కి జరుగుతారు.

నాన్న అరిచాడని కొడుకుని బెంచీ మీద కూర్చోబెట్టే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. అది తప్పు. ఆ శిక్ష పిల్లాడికి ఇంట్లో రెండోసారి పడుతుంది.

పుస్తకం ఇచ్చినంత మాత్రాన లొంగని తండ్రులూ ఉంటారు. అంపైర్‌ని తిట్టేవాడు, ఓడితే పిల్లాడి మీద చెయ్యెత్తేవాడు ఆ రకం. అక్కడ మాస్టారు ఒక్కరే వెళ్లకూడదు. నిర్వాహకుల్లో ఒక పెద్దమనిషినీ, వీలైతే ఆ పిల్లాడి మేనమామనీ వెంటబెట్టుకుని వెళ్లాలి. తర్వాతి మ్యాచ్‌కి ఆయన కోర్టు దరిదాపుల్లో ఉండకూడదని అక్కడే తేల్చి చెప్పాలి.