పది శాతం హైక్, నెలకు 480 రూపాయలు

అప్రైజల్ మీటింగ్‌లో మేనేజర్ చెప్పే మాట ఒక్కటే: "నీకు పది శాతం." దేని మీద పది శాతమో ఆయన చెప్పడు, మనమూ అడగం. లెటర్ వచ్చాక మొదటి పేజీలో సీటీసీ, అంటే కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, చూసుకుని సంతోషపడతాం. అసలు విషయం చివరి పేజీ అనెక్షర్‌లో ఉంటుంది.

హైదరాబాద్‌లో 12 లక్షల సీటీసీ ఉన్న ఒక ఐటీ ఉద్యోగి లెక్క వేసి చూద్దాం. పాత లెటర్‌లో బేసిక్ 40 శాతం, అంటే 4,80,000. కంపెనీ వాటా పీఎఫ్ అందులో 12 శాతం, 57,600. గ్రాట్యుటీ కింద చూపేది సుమారు 23,100. ఫలితాలను బట్టి ఇచ్చే వేరియబుల్ పే 96,000. ఇవన్నీ తీసేసి, ఉద్యోగి వాటా పీఎఫ్ కూడా కోస్తే, పన్నుకు ముందు నెలకు 80,475 చేతికొస్తుంది.

కొత్త సీటీసీ 13,20,000. పది శాతం అక్షరాలా ఉంది. కానీ బేసిక్ 50 శాతమైంది, వేరియబుల్ 1,58,400కి పెరిగింది. పీఎఫ్ రెండు వైపులా 79,200 చొప్పున, గ్రాట్యుటీ 31,700. ఇప్పుడు నెలకు వచ్చేది దాదాపు 80,960. ఏడాదికి లక్షా ఇరవై వేలు పెరిగిందన్న మనిషికి నెలకు 480 రూపాయలు మిగిలాయి!

ఇదంతా మోసం అనడం తొందరపాటే. పెరిగిన లక్షా ఇరవై వేలలో 43,200 పీఎఫ్‌లో చేరింది, అది ఉద్యోగి సొమ్మే. బేసిక్ పెంచడానికి హెచ్‌ఆర్ వాళ్లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్‌ను చూపిస్తారు. మినహాయింపు ఉన్న అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంతా వేతనం కింద లెక్కేయాలన్నది ఆ నిబంధన. గ్రాట్యుటీలో పెరిగిన 8,600 మాత్రం పర్మనెంట్ ఉద్యోగికి మామూలుగా ఐదేళ్లు పూర్తిచేస్తేనే దక్కుతుంది. మధ్యలో మానేస్తే కాగితం మీద అంకే.

నా అభ్యంతరం వేరియబుల్ దగ్గర. హైక్‌లో సగానికి పైగా, 62,400, అక్కడికే వెళ్లింది. కంపెనీ ఫలితాలు బాగోక సగమే చెల్లిస్తే ఆ హైక్‌లో చాలాభాగం మాయం. ఏ చట్టమూ దాన్ని పెంచమనలేదు, అది కంపెనీ నిర్ణయం. కాబట్టి హెచ్‌ఆర్‌కు రాసే మెయిల్‌లో "జీతం ఎందుకు తక్కువొచ్చింది" అని అడిగితే పీఎఫ్ పాఠం చెప్పి పంపేస్తారు. "మేనేజర్ చెప్పిన పది శాతం ఫిక్స్‌డ్ మీదా, మొత్తం మీదా? వేరియబుల్ 8 నుంచి 12 శాతం ఎందుకైంది? గత రెండేళ్లలో ఎంత శాతం చెల్లించారు?" అని అడగాలి. పాత, కొత్త అనెక్షర్లు రెండూ జతచేయాలి.

ఇంకో చిన్న సంగతి. లెటర్ జూలైలో వచ్చినా అమలు తేదీ ఏప్రిల్ 1 అని ఉంటే, మూడు నెలల తేడా ఎరియర్స్‌గా పేస్లిప్‌లో విడి లైన్లలో కనిపించాలి. బేసిక్ పెరిగింది కాబట్టి ఆ ఎరియర్స్ మీద పీఎఫ్ కూడా పడాలి. అది పడిందో లేదో ఈపీఎఫ్‌ఓ పాస్‌బుక్‌లో చూసుకోవచ్చు.