సవరణ: మూడో రోజు జ్వరానికి వైడాల్ టెస్ట్ గురించి

"మూడు రోజులుగా జ్వరం, ఒళ్లంతా నొప్పులు. మీ పోస్టు చూసి డెంగీ, టైఫాయిడ్ టెస్టులు చేయించాను. డెంగీ నెగెటివ్, వైడాల్ 1:80 వచ్చింది. టైఫాయిడ్ మందులు మొదలుపెట్టాలా?"

ఆ రిపోర్టు ఒక్కదాన్నే చూసి మొదలుపెట్టకండి. జ్వరం వచ్చిన మూడో రోజు డెంగీ, టైఫాయిడ్ టెస్టులు రెండూ చేయించమని పాత పోస్టులో రాశాను. ఆ వాక్యాన్ని మార్చాను.

టైఫాయిడ్‌కు చేసే వైడాల్ టెస్ట్ చూసేది రక్తంలోని యాంటీబాడీలను. టైఫాయిడ్‌లో అవి పెరగడానికి సుమారు వారం పడుతుంది. 1:80 లాంటి తక్కువ అంకె పాత ఇన్ఫెక్షన్ వల్ల గానీ, వేరే జ్వరాల్లో గానీ రావచ్చు. మొదటి వారంలో టైఫాయిడ్ అనుమానం ఉంటే బ్లడ్ కల్చర్ చేయించాలి. అదీ యాంటీబయాటిక్ వేసుకోకముందే రక్తం ఇస్తేనే ఫలితం బాగుంటుంది.

డెంగీకి మాత్రం మూడో రోజు సరైన సమయమే. డెంగీ వైరస్ ప్రొటీన్‌ను పట్టే ఎన్ఎస్1 టెస్ట్ మొదటి ఐదు రోజుల్లో పనికొస్తుంది. అయితే నెగెటివ్ వచ్చినంత మాత్రాన డెంగీ కాదని తేల్చలేం. ఐదో రోజు దాటాక డెంగీ యాంటీబాడీలను చూసే ఐజీఎం ఎలైజా టెస్ట్ చేయించాలి. ఈలోగా రక్తకణాల లెక్క చూసే సీబీపీ టెస్ట్‌లో ప్లేట్‌లెట్లతో పాటు, రక్తంలో ఎర్రకణాల శాతం చెప్పే హెమటోక్రిట్ కూడా డాక్టర్‌కు చూపించండి. వానాకాలం కాబట్టి మలేరియా టెస్ట్ కూడా అడగండి.

నొప్పులకు పారాసిటమాల్ సరిపోతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు. డెంగీలో అసలు ప్రమాదం తరచుగా జ్వరం తగ్గే రోజుల్లోనే వస్తుంది. అప్పుడు ఆగకుండా కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే రిపోర్టుల కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.