కానీ ఖర్చు లేని క్షమాపణ

క్షమాపణ చెప్పడంలో నాకు ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. చెప్పిన ప్రతిసారీ గొడవ పెద్దదైంది కాబట్టి అనుభవానికి లోటు రాలేదు.

విజయనగరంలో కోట చుట్టూ పొద్దున్నే నడిచి, టీ కొట్టు దగ్గర ఆగే బ్యాచ్ మాది. ఏడుగురం. మొన్న మాలో ఒక రిటైర్డ్ మాస్టారు, వాళ్లబ్బాయి మళ్లీ గ్రూప్-2 రాస్తున్నాడని చెప్పారు. నా నోరు ఊరుకుంటుందా? "మీవాడు ఉద్యోగంలో చేరిన రోజే రిటైర్మెంట్ సన్మానం కూడా పెట్టేద్దాం మాస్టారూ, షామియానా ఖర్చు కలిసొస్తుంది" అన్నాను. ఒకాయన నవ్వబోయి దాన్ని దగ్గులోకి దింపేశాడు. మాస్టారు సగం టీ ఉన్న గ్లాసు బల్ల మీద పెట్టి, కాలితో చెప్పులు వెతుక్కున్నారు.

వెంటనే నా విద్య బయటికి తీశాను. "సరదాకన్నాను" అన్నాను. అంటే తప్పు నాది కాదు, సరదా తెలియని ఆయనది. "మీకు బాధ కలిగితే సారీ" అన్నాను. కలిగితే ఏమిటి, ఎదురుగా గ్లాసు కనబడటం లేదూ? ఆ పైన "మావాడి మీద ఇంతకన్నా పెద్ద జోకులేస్తాను, వాడేమీ అనుకోడు" అన్నాను. మావాడికి బ్యాంకులో ఉద్యోగం. చివరికి మాస్టారే నా భుజం తట్టి "వదిలేయండి బాబూ" అనాల్సొచ్చింది. దెబ్బ తిన్నవాడే కొట్టినవాణ్ణి ఓదార్చాలి. నా పద్ధతిలో విశేషం ఇదే.

రాత్రి ఆయనకు విడిగా ఫోన్ చేద్దామనుకున్నాను. "ఏటి, పరువు ఏడుగురి ముందు తీసి, సారీ చెవిలో చెప్తారా?" అంది మా ఆవిడ. పోనీ అందరి ముందూ జోకంతా మళ్లీ చెప్పి తప్పొప్పుకుందామంటే, రెండోసారి కూడా ఆయనే వినాలి.

మర్నాడు టీ రాకముందే చెప్పేశాను. "మాస్టారూ, నిన్న మీ అబ్బాయి గురించి నేనన్న మాట తప్పు. క్షమించండి." అంతే. తర్వాతి నిశ్శబ్దం మాత్రం సిరిమాను కోటకీ గుడికీ మధ్య మూడుసార్లు తిరిగినంత సేపు అనిపించింది. నాలుక చివర ఒక 'కానీ' వచ్చి నిలబడింది. అప్పుడే టీ వచ్చింది కాబట్టి వేడివేడిగా దాంతో కలిపి మింగేశాను. నాలుక కాలింది. "ఏమీ అనుకోలేదు కదా?" అని కూడా అడగలేదు. ఏడుగురి ముందు అడిగితే ఆయన "లేదు" అనక చస్తారా? అది క్షమాపణ కాదు, వసూలు.

మాస్టారు ఫర్లేదు అనలేదు. టీ కుర్రాడితో "పంచదార తగ్గించమన్నాను కదరా" అన్నారు. ఎవరో కరెంటు బిల్లు మాట ఎత్తారు. ఈసారి గ్లాసు ఖాళీ చేసే లేచారు. నా వైపు మాత్రం చూడలేదు.