హౌస్‌మైస్టర్‌ని తిట్టేముందు మన మెయిల్ చదవండి

ఉగాది వేడుక రోజు హాల్లో కిచెన్ తాళం తీయలేదని మన వాట్సాప్ గ్రూపులో ఆ హాలు చూసుకునే జర్మన్ హౌస్‌మైస్టర్‌ని అన్న మాటలు చూసి నాకు చాలా బాధేసింది. "ఆయనకి ఇంగ్లీష్ ముక్క రాదు" అన్నారు. వేపపువ్వు కడగడానికి సింక్ లేక మన ఆడవాళ్ళు ఇబ్బంది పడ్డ మాట నిజమే, నేనూ అక్కడే ఉన్నా. కానీ ఆయన మన మెయిల్ ప్రింట్ తీసుకుని, పెన్సిల్‌తో గీతలు గీసుకుని మరీ చదివాడు, ఆ కాగితం నాకు చూపించాడు.

అందులో ఏముందంటే, "వుయ్ విల్ రీచ్ బై హాఫ్ ఫోర్. ఈవెంచువల్లీ వుయ్ విల్ నీడ్ ద కిచెన్ ఆల్సో, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్." రాసినాయన లండన్ నుంచి వచ్చినవారు, అక్కడ హాఫ్ ఫోర్ అంటే నాలుగున్నర. జర్మన్‌లో హాల్బ్ ఫియర్ అంటే మూడున్నర, నాలుగుకి అరగంట తక్కువ అన్నమాట. అందుకే హౌస్‌మైస్టర్ మూడున్నరకే వచ్చి, మనం వచ్చేదాకా గంటసేపు బయట నిలబడ్డాడు. ఈవెంచువల్లీ అని మనం రాసింది చివర్లో కిచెన్ ఎలాగూ కావాలి అని, కానీ దాదాపు అలాగే వినిపించే జర్మన్ మాట ఎవెంటుఎల్‌కి అర్థం "బహుశా, అవసరం పడితే". కావాలంటే అడుగుతారులే అనుకున్నాడు. ఇక నీడ్‌ఫుల్ మన ఆఫీసుల్లో నలిగిన మాట, అది చదివితే ఏం చెయ్యాలో ఆయనకెలా తెలుస్తుంది? తాళం తీయమని ఆ మెయిల్లో ఎక్కడా లేదు.

అదే మెయిల్ ఇలా రాసుంటే సరిపోయేది: "మేము ఏప్రిల్ 5, శనివారం 16:30కి వస్తాం. మాకు కిచెన్ కావాలి. దయచేసి 16:30కి కిచెన్ తలుపు తెరవండి. మేము స్టవ్, సింక్ వాడతాం. 22:00కి తాళంచెవి మీకిస్తాం. ఇది కుదురుతుందా? అవును, కాదు అని జవాబివ్వండి." ఒక్కో వాక్యంలో ఒక్కటే పని, ఎవరు చెయ్యాలో ఎప్పుడు చెయ్యాలో ఉంది, టైము 24 గంటల లెక్కలో ఉంది, నెల పేరు అక్షరాల్లో ఉంది. 05/04 అని అంకెల్లో రాస్తే అది ఏ నెలో మళ్ళీ గొడవ.

జర్మన్‌లోనే రాసేస్తే పోలా అంటారు కొందరు, వచ్చినవాళ్ళుంటే తప్పకుండా రాయండి. కానీ ట్రాన్స్‌లేటర్‌లో పెట్టి పంపినా నీడ్‌ఫుల్ లాంటి మాట అక్కడా సరిగ్గా దాటదు, సూటిగా ఉన్న వాక్యమైతే చాలావరకు దాటుతుంది. సింపుల్ అంటే చిన్నపిల్లలతో మాట్లాడినట్టు ముక్కలు ముక్కలుగా "యు ఓపెన్ కిచెన్" అని రాయమనీ కాదు. అది అవమానం, పైగా అడుగుతున్నామో ఆర్డరేస్తున్నామో కూడా తెలీదు. పూర్తి వాక్యం ఉండాలి, ప్లీజ్ ఉండాలి. "వీలైతే బావుంటుందేమో" అని మర్యాదకి నాలుగు మెలికలు తిప్పితే మాత్రం అవతలివాళ్ళకి అది మనకి అంత ముఖ్యం కాదేమో అనిపిస్తుంది.

దసరా హాల్ మెయిల్ ఇంకా పంపలేదు కదా, కమిటీవాళ్ళు దయచేసి పంపేముందు ఒకసారి ఇలా చూసుకోండి. ఆయన టైము తిరిగి రాసి పంపేదాకా బుకింగ్ ఖాయం అనుకోవద్దు. గ్రూపులో ఆయన మీద పెట్టిన ఆ మెసేజులు కూడా తీసేయండి, చేతులెత్తి అడుగుతున్నా.