విషయం వేరు, ఇతివృత్తం వేరు

“ఒకే దర్శకుడి మూడు సినిమాలు వరసగా చూశాను. సంగీతం, నాట్యం తప్ప ఉమ్మడిగా ఏమీ దొరకలేదు.”

అవి విషయం మాత్రమేనండీ. ఇతివృత్తం కావాలంటే కె. విశ్వనాథ్ సినిమాల్లో కళ ఎవరి చేతికి వెళ్తోందో చూడండి. ‘శంకరాభరణం’ (1980) చివర్లో శాస్త్రిగారు పాడుతూ కుప్పకూలితే ఆ పాటను శిష్యుడు అందుకుంటాడు. గండపెండేరం ఆ పిల్లాడి కాలికి చేరుతుంది. ‘సాగర సంగమం’ (1983)లో బాలు చక్రాల కుర్చీలో కూర్చుని శిష్యురాలు శైలజ నాట్యం చూస్తూ కన్నుమూస్తాడు. రెండుచోట్లా గురువు పోయాడు, విద్య మిగిలింది. ఇక్కడితో ఆగితే పొరపాటే. ‘స్వర్ణకమలం’ (1988)లో తండ్రి ఇవ్వాలనుకున్న నాట్యం మీనాక్షికి మొదట వద్దు! ఇతివృత్తం పట్టుకోవడానికి నాకైతే ఈ తేడాయే అసలు ఆధారం. అందుకే పోలికతో పాటు, మూడో సినిమాలో ఏది మారిందో కూడా రాసుకోండి.