విమానం 17న, ఇల్లు కదలాల్సింది 16న

బరంపురంలో మా ఇంట్లో మాటలన్నీ తెలుగే. చదవడం దగ్గరే తేడా. ఇచ్ఛాపురం నుంచి కాపురానికి వచ్చిన అమ్మ తెలుగు చదువుతుంది, ఒడియా బడిలో చదివిన నాన్నకి ఒడియా అక్షరాలే అలవాటు. ఇద్దరూ మొదటిసారి దేశం దాటుతున్నారు, కలకత్తా నుంచి బ్యాంకాక్‌కి. నేను బెంగళూరులో కూర్చుని టికెట్టూ హోటల్ బుకింగూ ఒక్క ముక్క వదలకుండా తెలుగులో రాసి పంపాను. అమ్మ పైకి చదివింది, నాన్న విన్నారు.

"17 మంగళవారం, 00:40, బయలుదేరు సమయం" అని రాశాను. సాయంత్రం నాన్న ఫోను. "17 అర్ధరాత్రే కదమ్మా విమానం? ఆ పొద్దున్న రైలెక్కితే సాయంత్రానికి హౌరాలో ఉంటాం. బోలెడు టైముంది."

నాకు చెమటలు పట్టాయి. వాళ్లు హౌరాలో దిగేసరికి ఆ విమానం వెళ్లిపోయి పదిహేడు గంటలు దాటుతుంది! తప్పు నాన్నది కాదు. మన ఇళ్లలో తెల్లారేదాకా అది సోమవారం రాత్రే. టికెట్‌కి మాత్రం 12 దాటితే మంగళవారం. నేను మాటల్ని మార్చాను కానీ రాత్రిని మార్చలేదు.

అందుకే నా గోల ఇది: అమ్మానాన్నలకి టికెట్ అనువదించకండి, వాళ్లు చెయ్యాల్సిన పని రాయండి. రెండోసారి ఇలా రాశాను: "16 సోమవారం పొద్దున్న బరంపురంలో రైలు. ఆ రాత్రి 9:30కి ఎయిర్‌పోర్టులో ఉండాలి. 12 దాటాక 40 నిమిషాలకి విమానం. బ్యాంకాక్‌లో దిగేసరికి అక్కడి టైము 4:45, మన టైము 3:15. గడియారం గంటన్నర ముందుకి తిప్పుకోవాలి."

ఇంకో తలనొప్పి Check-in. విమానం కాగితంలో అది పెట్టెలిచ్చి బోర్డింగ్ పాస్ తీసుకోవడం, హోటల్ కాగితంలో గది తాళం తీసుకోవడం. నేను రెండుచోట్లా "ప్రవేశం" అని రాసి ఘనకార్యం చేశాను. ఎయిర్‌పోర్టు బోర్డుమీద "ప్రవేశం" అని ఎవరు రాస్తారు? బోర్డుమీద కనబడే Check-in, BKK, విమానం నంబరు ఇంగ్లీషులోనే ఉంచి, పక్కన పని తెలుగులో రాశాను. నాన్న కాగితం మా బాబాయి ఒడియాలో రాసిచ్చాడు.

అంతా అయ్యాక అమ్మ అడిగింది, "16 రాత్రి మేం కలకత్తాలో ఉంటే, బ్యాంకాక్‌లో గదికి 16 నుంచి డబ్బులెందుకు కట్టేవే?"

హోటల్ గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. 17 నుంచి తీసుకుంటే తెల్లవారుజామున దిగినవాళ్లు అప్పటిదాకా లాబీలో పడిగాపులు పడాలి. దాంతో 16 నుంచే తీసుకున్నాను. కానీ 16 రాత్రి ఎవరూ రాకపోతే, రాలేదని రాసుకుని హోటలువాళ్లు బుకింగ్ మొత్తం తీసేసే ప్రమాదం ఉంది. అందుకే "17 తెల్లవారుజామున వస్తారు" అని హోటల్‌కి మెయిల్ పెట్టి, వాళ్ల జవాబు ప్రింట్ తీయించాను.

"మరి ఆ సంగతి కాగితంలో ఏదీ?" అంది అమ్మ. మూడోసారి రాశాను.